ఊళ్లో రాజీ అయ్యాం కదా, మరి కోర్టులో కేసు ఎలా పోతుంది? కాంపౌండింగా, ప్లీ బార్గెయినింగా?

"సార్, పొలం గట్టు గొడవలో నా మీద, మా తమ్ముడి మీద 118(1), 115(2), 126(2), 351(2) రెడ్ విత్ 3(5) బీఎన్ఎస్ కేసు ఉంది. మా పెదనాన్న తలకి కర్ర తగిలి మూడు కుట్లు పడ్డాయి, డాక్టర్ సింపుల్ అని రాశాడు. పెద్దమ్మని తోసేశామని, వాళ్లబ్బాయిని చేత్తో కొట్టామని కూడా ఉంది. మా అమ్మ ఇచ్చిన కంప్లైంట్ మీద వాళ్లబ్బాయి మీద 115(2), 74 కేసు వేరే నడుస్తోంది. ఇప్పుడు రాజీ అయ్యాం, లక్షా యాభై వేలు ఇచ్చేట్టు పెద్దమనుషుల ముందు స్టాంప్ పేపర్ మీద రాసుకున్నాం. మా కేసులో చార్జి ఫ్రేమ్ అయి 12 రోజులైంది. లోక్ అదాలత్‌లో పెడితే కొట్టేస్తారా? ఒకాయన ప్లీ బార్గెయినింగ్ వేసుకోండి తొందరగా అయిపోతుంది అంటున్నారు. తమ్ముడు గ్రూప్ 2కి, ఎస్ఐకి ప్రిపేర్ అవుతున్నాడు, వాడికి ఇబ్బంది కాకుండా ఏది చెయ్యాలి?"

ముందు ఒక్క మాట, ఆ ప్లీ బార్గెయినింగ్ పిటిషన్ మీద ఇప్పుడే సంతకం పెట్టొద్దు, మీ తమ్ముడి చేత అసలే పెట్టించొద్దు. అది చెడ్డదని కాదు, కొన్ని కేసుల్లో అంతకన్నా మంచి దారి ఉండదు, కానీ దాని చివర ఏముంటుందో తెలియకుండా పెట్టే కాగితం కాదది.

కాంపౌండింగ్ అంటే దెబ్బ తిన్నవాడు కోర్టు ముందుకొచ్చి నేను రాజీ పడ్డాను అని చెప్పడం, దాని ఫలితం అక్విటల్, అంటే నిర్దోషిగా విడుదల, కోర్టు నడిచే పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 359(8)లో ఆ మాట స్పష్టంగా రాసుంది, పాత సీఆర్‌పీసీలో 320(8). ప్లీ బార్గెయినింగ్ అంటే ముద్దాయి నేరం ఒప్పుకుని, బాధితుడికి పరిహారం ఇచ్చి, దానికి బదులుగా శిక్ష తగ్గించుకోవడం, దాని ఫలితం కన్విక్షన్. అంటే శిక్ష పడ్డ మనిషి అవుతాడు, తగ్గిన శిక్ష అంతే తేడా. రెండిట్లోనూ ఇరుపక్షాలు కూర్చుని మాట్లాడుకోవడం, డబ్బు చేతులు మారడం, జడ్జి గారు ఒప్పుకోవడం ఉంటాయి కాబట్టి బయటనుంచి చూస్తే ఒకేలా అనిపిస్తాయి, కానీ రేపు ఉద్యోగం ఫారంలో "ఎప్పుడైనా శిక్ష పడిందా" అన్న గడి దగ్గర ఒకడు లేదు అని రాస్తాడు, ఇంకొకడు పడింది అని రాయాలి.

ఇంకో మూడోది కూడా ఉంది, జనం దాన్ని కూడా రాజీ అనే అనుకుంటారు, అదే ఒప్పేసుకుని ఫైన్ కట్టడం. నేను ఇరవై రెండేళ్లుగా మెజిస్ట్రేట్ కోర్టుల్లోనే ఉన్నాను, నన్ను ఇప్పటికీ బాధపెట్టే కేసు ఒకటుంది. ఒక కుర్రాడు, పాత 323 కేసు, అంటే చేత్తో కొట్టిన కేసు, అవతలివాడితో రాజీ అయిపోయింది, కానీ వాయిదా రోజు అవతలివాడు పని మీద వేరే ఊరు వెళ్లాడు. ఇంకో వాయిదా తీసుకుంటే సరిపోయేది. ఎవరో చెప్పారని కుర్రాడు బోనెక్కి తప్పు ఒప్పుకుంటున్నానండీ అన్నాడు, ఐదు వందలు ఫైన్ పడింది, కట్టేసి కేసు అయిపోయిందని ఇంటికెళ్లిపోయాడు. ఆరేళ్ల తర్వాత ఉద్యోగం వెరిఫికేషన్‌లో ఆ ఐదు వందల రసీదు కన్విక్షన్ అయి కూర్చుంది. నా దగ్గరికొచ్చాడు, ఏం చెయ్యగలను, ఒప్పుకుని శిక్ష పడినాక శిక్ష ఎంత, అది చట్టప్రకారం ఉందా అన్నదాని మీద తప్ప అప్పీల్ ఉండదు. ఒక్క వాయిదా ఆగి ఉంటే అక్విటల్ వచ్చేది. అందుకే మీ తమ్ముడి విషయంలో ఇంత గట్టిగా చెప్తున్నాను.

సరే మీ కేసుకి వద్దాం. ఏ సెక్షన్ రాజీకి వీలవుతుందో 359లో రెండు పట్టికలు ఉంటాయి, మొదటి దానిలో ఉన్నవి కోర్టు పర్మిషన్ అక్కర్లేకుండా రాజీ అవుతాయి, రెండో దానిలో ఉన్నవి కోర్టు పర్మిషన్ ఇస్తేనే అవుతాయి. ఆ రెండిట్లోనూ లేని సెక్షన్‌కి మెజిస్ట్రేట్ గారి ముందు రాజీ లేదు, ఇద్దరూ కౌగిలించుకుని నిలబడినా లేదు, ఎందుకంటే 359(9)లో ఈ సెక్షన్ చెప్పినట్టు తప్ప ఏ నేరమూ కాంపౌండ్ చెయ్యకూడదు అని రాసేశారు. పాత ఐపీసీ, దాని చోట వచ్చిన బీఎన్ఎస్ సెక్షన్లకే ఈ పట్టికలు, చెక్ బౌన్స్ లాంటి వాటికి ఆ చట్టంలోనే వేరే ఏర్పాటు ఉంది, దాన్ని ఇక్కడికి తేవద్దు.

మీ మీద ఉన్నవాటిలో 115(2) అంటే చేత్తో కొట్టడం లాంటి మామూలు గాయం, అది మొదటి పట్టికలో ఉంది, 126(2) అంటే దారి అడ్డగించడం అదీ ఉంది, 351(2) బెదిరింపు అదీ ఉంది. ఈ మూడూ పర్మిషన్ లేకుండానే రాజీ అయ్యేవి. చిక్కంతా 118(1) దగ్గర. అది పాత 324, ప్రమాదకరమైన ఆయుధంతో గాయం చెయ్యడం, గరిష్ఠంగా మూడేళ్లు లేదా ఇరవై వేల దాకా ఫైన్ లేదా రెండూ. అది ఏ పట్టికలోనూ లేదు. ఒకప్పుడు 324 కూడా కోర్టు పర్మిషన్‌తో రాజీ అయ్యేది, తర్వాత సవరణలో తీసేశారు, అయినా ఇప్పటికీ ఊళ్లలో "324 అయితే రాజీ అవుద్ది" అనే పాతమాట తిరుగుతూనే ఉంది.

ఇక్కడ చాలామందికి అన్యాయంగా అనిపించేది ఒకటుంది. అదే మీరు మీ పెదనాన్నని పిడికిలితో గుద్ది ఎముక విరగ్గొట్టి ఉంటే 117(2), తీవ్ర గాయం, ఏడేళ్ల దాకా శిక్ష, అది కోర్టు పర్మిషన్‌తో రాజీ అవుతుంది. కర్ర తగిలి మూడు కుట్లు పడితే మూడేళ్ల శిక్ష, అది రాజీ అవ్వదు. అంటే శిక్ష ఎంత అన్నదాన్ని బట్టి రాజీ ఉండదు, పట్టికలో పేరుందా లేదా అంతే. కాబట్టి "చిన్న కేసే కదా సార్" అన్న మాటతో లెక్క తేలదు, చార్జి ఆర్డర్ తీసి ఒక్కో నంబర్ పట్టికలో చూసుకోవాల్సిందే.

ఇంకోటి, రాజీ పడే హక్కు ఎవరిది అన్నది. కంప్లైంట్ ఇచ్చినవాడిది కాదు, దెబ్బ తిన్నవాడిది. మీ కేసులో కంప్లైంట్ మీ పెదనాన్నే ఇచ్చి ఉండొచ్చు, కానీ 115(2)లో పెద్దమ్మకి తగిలిన దానికి పెద్దమ్మే రావాలి, వాళ్లబ్బాయికి తగిలిన దానికి వాళ్లబ్బాయే రావాలి, అడ్డగించడం ఎవరినైతే వాళ్లు, బెదిరింపు ఎవరినైతే వాళ్లు. ఎన్నోసార్లు చూశాను, పెద్దాయన ఒక్కడొచ్చి జాయింట్ మెమో మీద వేలిముద్ర వేస్తాడు, జడ్జి గారు చార్జిషీట్ తిప్పి సాక్షుల జాబితా చూసి "ఎల్‌డబ్ల్యూ 2, ఎల్‌డబ్ల్యూ 3 కూడా గాయపడ్డారు కదా వాళ్లేరి" అంటారు, వాయిదా. ముగ్గురినీ ఆధార్ కార్డులతో ఒకే రోజు తీసుకురండి. జడ్జి గారు ఒక్కొక్కరినీ అడుగుతారు, మీ ఇష్టంతోనే వచ్చారా, ఎవరైనా బెదిరించారా అని, అప్పుడు పెద్దమ్మ పక్కనున్నవాళ్ల మొహం వైపు చూసి తలూపకూడదు, నోటితో చెప్పాలి. దెబ్బ తిన్నవాళ్లు చిన్నపిల్లలైతే గార్డియన్ కోర్టు పర్మిషన్‌తో, చనిపోతే వారసులు కోర్టు ఒప్పుకుంటే రాజీ పడొచ్చు, అది మీకు అవసరం లేదు కానీ చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది. అలాగే ముద్దాయికి పాత శిక్ష ఉండి దానివల్ల ఇప్పుడు శిక్ష పెరిగే పరిస్థితి ఉంటే ఆ ముద్దాయికి రాజీ ఉండదు.

లోక్ అదాలత్ సంగతి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ 19(5)లోనే ఉంది, రాజీకి వీల్లేని నేరం మీద లోక్ అదాలత్‌కి అధికారం లేదని. కాబట్టి మీ కేసు మొత్తంగా అక్కడ పోదు. పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ చేసి ఈ శనివారం లోక్ అదాలత్‌కి రండి క్లోజ్ చేసేద్దాం అంటారు, మంచి ఉద్దేశంతోనే అంటారు, కానీ వెళ్లేముందు క్లోజ్ అంటే ఏ రకంగా అని అడగండి. రాజీ రికార్డు చేసి అక్విటలా, లేక ఒప్పుకుని ఫైనా? రెండోదైతే పైన చెప్పిన కుర్రాడి కథే.

ఇప్పుడు 118(1)ని ఏం చెయ్యాలి. రెండు దారులున్నాయి.

మొదటిది, అసలు ఆ కర్ర 118(1) కిందకి వస్తుందా అన్న ప్రశ్న. సెక్షన్ ఏమంటుందంటే కాల్చే, పొడిచే, కోసే పరికరం, లేదా ఆయుధంగా వాడితే ప్రాణం పోయే అవకాశం ఉన్న వస్తువు, ఇంకా నిప్పు, విషం, యాసిడ్ లాంటివి. చేతికి దొరికిన ప్రతి కర్రా ఇందులోకి రాదు. 2005లో మథాయ్ వర్సెస్ కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, అది రాయితో కొట్టిన కేసు, వస్తువు ఎంత పెద్దది, ఎంత పదునైంది, ఎలాంటిది అన్నది ఆ కేసు వాస్తవాలని బట్టి చూడాలని చెప్పి ఆయుధంతో తీవ్ర గాయం అనే పాత 326ని ఆయుధం లేని తీవ్ర గాయం 325గా మార్చింది. మీ కేసులో పంచనామాలో కర్ర సీజ్ చేశారా, చేస్తే దాని పొడవు, మందం ఏమని రాశారు, గాయాల మీద డాక్టర్ రాసిన ఊండ్ సర్టిఫికెట్‌లో ఏమని ఉంది, ఇవి చూడండి. పంచనామాలో వేలెడంత మందం ఉన్న కంది కట్టె అని ఉంటే ఒకరకం, ఇనప పొన్ను వేసిన లావాటి వెదురు కర్ర అని ఉంటే ఇంకోరకం. చార్జి ఫ్రేమ్ అయిపోయినా, తీర్పు చెప్పేలోపు ఎప్పుడైనా చార్జి మార్చే అధికారం బీఎన్ఎస్ఎస్ 239 కింద కోర్టుకి ఉంది. 118(1) పోయి 115(2) మిగిలితే ఆ రోజే మొత్తం రాజీ అయిపోతుంది. కానీ ఇది జడ్జి గారు ఒప్పుకుంటేనే, అడగడం వరకే మన పని, రాజీ కోసమే సెక్షన్ తగ్గించమని అడిగితే ఒప్పుకోరు, కాగితాల్లో ఆ బలం ఉండాలి.

రెండోది హైకోర్టు. బీఎన్ఎస్ఎస్ 528, పాత 482. పట్టికలో లేని నేరమైనా రెండు పక్షాలూ నిజంగా రాజీ పడ్డప్పుడు కేసునే కొట్టేసే అధికారం హైకోర్టుకి ఉందని 2012లో గియాన్ సింగ్ వర్సెస్ పంజాబ్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచ్ తేల్చింది. దీన్ని క్వాష్ అంటారు, ఇది కాంపౌండింగ్ కాదు, హక్కుగా అడిగేది కాదు. హత్య, అత్యాచారం, దోపిడీ లాంటివి రాజీ మీద కొట్టెయ్యరు, ఎందుకంటే అవి ఇద్దరి మధ్య గొడవ కాదు సమాజం మీద నేరం అని. మీలాంటి అన్నదమ్ముల పిల్లల గట్టు తగాదా, సింపుల్ గాయం, పాత కేసులు లేవు అంటే హైకోర్టు సాధారణంగా చూసే రకమే. 2019లో లక్ష్మీ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు ముద్దాయి గతం, పారిపోయాడా, రాజీ ఎలా కుదిరింది అన్నవి కూడా చూడాలంది, కాబట్టి మీ మీద రౌడీషీట్‌గానీ వేరే కేసులుగానీ ఉంటే లాయరుకి ముందే చెప్పండి, దాచి వేస్తే ప్రభుత్వ లాయరు ఏపీపీయో స్టేషనో అక్కడ చెప్పేస్తారు, అప్పుడు మొత్తం పోతుంది.

హైకోర్టులో వేసేది క్రిమినల్ పిటిషన్, ముద్దాయిలు పిటిషనర్లు, ప్రభుత్వం ఒక రెస్పాండెంట్, గాయపడ్డవాళ్లు మిగతా రెస్పాండెంట్లు. రాజీ పిటిషన్ వేరేగా, అందరి అఫిడవిట్లు, ఫొటోలు, గుర్తింపు కార్డులు. కోర్టు ముందుగానీ, కోర్టు చెప్పిన అధికారి ముందుగానీ గాయపడ్డవాళ్లు హాజరై నిజమే అని చెప్పాలి. మీ అమ్మగారి కేసు కూడా ఇక్కడికే రావాలి. 74 అంటే మహిళ గౌరవానికి భంగం కలిగించే దాడి, ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల దాకా శిక్ష, అది పట్టికల్లో లేదు, మెజిస్ట్రేట్ దగ్గర రాజీ అవ్వదు, హైకోర్టు కూడా దాన్ని ఇంకాస్త జాగ్రత్తగా చూస్తుంది, మీ అమ్మగారిని విడిగా అడుగుతుంది. రెండు పిటిషన్లూ కలిపి ఒకే రోజు వచ్చేట్టు చూసుకోండి. కౌంటర్ కేసుల్లో నేను ఎక్కువగా చూసే దెబ్బ ఇదే, ఒక కేసు కొట్టేయించుకున్నవాళ్లు రెండోదానికి కదలరు, అవతల కోపం మళ్లీ మొదలవుతుంది. మీ ఇళ్లలో అయితే అదే గట్టు మీద మళ్లీ ఎదురుపడాలి కదా.

ఇక ప్లీ బార్గెయినింగ్. మన చట్టంలోకి ఇది 2006 జూలై 5 నుంచి వచ్చింది, అప్పట్లో సీఆర్‌పీసీ 265ఏ నుంచి 265ఎల్, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 289 నుంచి 300. ఏడేళ్లకి మించి శిక్ష ఉన్న నేరాలకి లేదు, ఉరి, యావజ్జీవం ఉన్నవాటికి లేదు, దేశ సామాజిక ఆర్థిక పరిస్థితిని దెబ్బతీసేవని ప్రభుత్వం నోటిఫై చేసిన చట్టాలకి లేదు, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం, వరకట్న నిషేధ చట్టం ఆ లిస్టులో ఉన్నాయి. మహిళ మీద జరిగిన నేరానికి లేదు, పిల్లల మీద జరిగినదానికి లేదు. అదే నేరానికి ఇదివరకు శిక్ష పడ్డవాడికి లేదు.

ఇప్పుడు మీ కేసు చూడండి. 118(1) మూడేళ్లే కాబట్టి శిక్ష లెక్కలో పనికొస్తుంది, బాధితుడు పెదనాన్న కాబట్టి ఆ అడ్డూ లేదు. కానీ అదే చార్జిలో పెద్దమ్మని తోసిన 115(2) ఉంది, అది మహిళ మీద నేరం, దానికి ప్లీ బార్గెయినింగ్ కుదరదు, విచిత్రంగా అదే 115(2) కాంపౌండింగ్‌కి మాత్రం శుభ్రంగా కుదురుతుంది. కాబట్టి ఎవరైనా ఈ దారిలో వెళ్లాలంటే ముందు పెద్దమ్మ చేత, వాళ్లబ్బాయి చేత రాజీ అయ్యేవన్నీ రాజీ చేయించి, 118(1) ఒక్కటే మిగిలాక ఇప్పుడు అడ్డు లేదని వాదించాలి. మీకు సలహా ఇచ్చినాయన ఈ వరస చెప్పారా అన్నది నా అనుమానం.

టైము కూడా ఉంది. పాత చట్టంలో ఎప్పుడు వెయ్యాలన్న గడువు లేదు, బీఎన్ఎస్ఎస్ 290లో చార్జి ఫ్రేమ్ అయిన రోజు నుంచి 30 రోజుల్లోపు అని పెట్టారు. మీకు 12 పోయాయి, 18 మిగిలాయి. ముద్దాయే పిటిషన్ వెయ్యాలి, దానితో అఫిడవిట్, నా ఇష్టంతో వేస్తున్నాను, శిక్ష ఏంటో తెలుసు, ఇదివరకు ఇదే నేరంలో శిక్ష పడలేదు అని. జడ్జి గారు ముద్దాయిని ఒక్కడినే, అవతలి పక్షం లేకుండా, ఇన్ కెమెరాగా అంటే తలుపులేసి అడుగుతారు. ఒప్పించి తెచ్చినట్టు అనిపిస్తే అక్కడితో ఆపేస్తారు. సరే అనుకుంటే 60 రోజులకి మించకుండా టైమిస్తారు, ఏపీపీ, దర్యాప్తు అధికారి, ముద్దాయి, బాధితుడు కూర్చుని పరిహారం, ఖర్చులు తేల్చుకుంటారు, కుదిరితే రిపోర్టు మీద అందరూ, జడ్జి గారు సంతకం పెడతారు. కుదరకపోతే పిటిషన్ వేసిన దశ నుంచే కేసు మామూలుగా నడుస్తుంది, మీరు అందులో ఒప్పుకున్న మాటలు వేరే దేనికీ వాడకూడదని 299 ఉంది, కాబట్టి ఫెయిల్ అయితే కేసు పాడవుతుందన్న భయం అక్కర్లేదు.

కుదిరితే శిక్ష లెక్క ఇలా. 118(1)కి కనీస శిక్ష లేదు కాబట్టి గరిష్ఠంలో నాలుగో వంతు, అంటే 36 నెలల్లో 9 నెలలు, ముద్దాయికి ఇదే మొదటి నేరమైతే ఆరో వంతు, అంటే 6 నెలలు. ఈ ఆరో వంతు కొత్త చట్టంలో వచ్చింది. కనీస శిక్ష ఉన్న నేరాలకైతే ఆ కనీసంలో సగం, మొదటిసారి అయితే నాలుగో వంతు. ఇది చదివి ఆరు నెలలు జైలా అని బెంబేలు పడొద్దు, దానికి ముందే ప్రొబేషన్ మీద, అంటే జైలుకి పంపకుండా మంచి నడవడిక షరతు మీద వదిలెయ్యొచ్చా అని కోర్టు చూస్తుంది, మీలాంటి కేసులో లాయరు అడగాల్సింది అదే. ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్ కింద వదిలితే ఆ చట్టంలో 12 ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు, కానీ కన్విక్షన్ అన్నది చెరిగిపోదు. ఇంకో ముఖ్యమైనది, ఈ తీర్పు మీద అప్పీల్ లేదు, సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్, హైకోర్టులో రిట్ తప్ప. పొద్దున ఒప్పుకుని సాయంత్రం వద్దంటే కుదరదు.

కాబట్టి మీ తమ్ముడికి ఇది చివరి దారి, అది కూడా సాక్ష్యం గట్టిగా ఉండి శిక్ష ఖాయం అనిపించి, హైకోర్టు దారి మూసుకుపోయినప్పుడు. మీ ఇద్దరిలో ఎవరు కర్ర పట్టారన్నది కూడా చూడండి, ఉమ్మడి ఉద్దేశం అనే 3(5) వల్ల ఇద్దరినీ కలిపారు, కానీ పిటిషన్ ఎవరికి వారే వేసుకోవాలి, ఏ1 వేస్తే ఏ2 వెయ్యాలని లేదు.

ఎస్ఐ ఉద్యోగం అన్నారు కాబట్టి ఒక నిజం చెప్పాలి. రాజీ మీద అక్విటల్ వచ్చినా, పోలీసు ఉద్యోగాల్లో అది సాక్ష్యం మీద గెలిచిన అక్విటల్‌తో సమానం కాదని 2013లో మెహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా రాజీ అయిన కేసే, స్క్రీనింగ్ కమిటీ తన బుద్ధితో చూడొచ్చంది. కానీ దాచడం అంతకన్నా పెద్ద దెబ్బ. 2016 అవతార్ సింగ్ తీర్పు చూడండి, ఫారంలో కేసు గురించి అడిగితే కొట్టేసినా రాయాలి, కొట్టేశారు అని రాయాలి. నిజం రాసినవాడి కేసు చిన్నదైతే అధికారి వదిలెయ్యడానికి దారి ఉంటుంది, దాచినవాడికి ఆ దారి తగ్గిపోతుంది.

లక్షా యాభై వేల కాగితం గురించి. మీరు దాంట్లో ఏం రాశారో నాకు తెలీదు, కానీ మామూలుగా పెద్దమనుషులు "కేసు వాపసు తీసుకున్నందుకు ఇంత" అని రాయిస్తారు. 118(1) లాంటి రాజీకి వీల్లేని నేరంలో ఆ మాట చెల్లదు, కాంట్రాక్ట్ యాక్ట్ 23లో ఉదాహరణ హెచ్ అచ్చంగా ఇదే, దోచుకున్న సొత్తు విలువ ఇస్తాను కేసు ఆపెయ్యి అన్న ఒప్పందం శూన్యం అని. అంతేకాదు నేరస్థుణ్ణి శిక్ష నుంచి తప్పించడానికి డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం కూడా నేరాలే, రాజీకి వీలున్న నేరాలకి మినహాయింపు. కాబట్టి ఆ కాగితం చింపి, గట్టు ఎక్కడ ఉండాలి, సర్వేయర్ ఎవరు కొలవాలి, వైద్యం ఖర్చుకి, పోయిన పంటకి ఎంత ఇస్తున్నాం అని రాసుకోండి. డబ్బు బ్యాంకులో వెయ్యండి. మొత్తం ముందే ఇచ్చేస్తే హైకోర్టు రోజుకి అవతలివాళ్లు రాకపోవచ్చు, ఏమీ ఇవ్వకపోతే వాళ్లు నమ్మరు, సగం ఇప్పుడు సగం హాజరైన రోజు అన్నది నేను ఎక్కువగా చేయించేది.

ఇంకో సలహా మీకు తప్పకుండా వస్తుంది, లేదా వచ్చే ఉంటుంది, ఇదంతా ఎందుకు, పెదనాన్నని బోనెక్కించి నాకు గుర్తులేదు ఎవరు కొట్టారో చీకట్లో కనపడలేదు అనిపిస్తే సరి, హాస్టైల్ అయితే కేసు పోతుంది అని. పోతుంది చాలాసార్లు, నిజమే, కానీ ఆ పెద్దాయన ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టే, కోర్టు తలుచుకుంటే అబద్ధపు సాక్ష్యానికి ఆయన మీదే కేసు పెట్టొచ్చు. తల పగిలింది ఆయనకి, మళ్లీ ముద్దాయి అయ్యేది ఆయన. మీరు రాజీ పడింది నిజమైతే ఆ పని ఆయన చేత చేయించొద్దు.

ఇక్కడ చాలామంది భార్యాభర్తల కేసుల గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. భర్త, అత్తింటివాళ్లు భార్యని వేధించిన కేసు 498ఏ దేశంలో మిగతా చోట్ల రాజీకి వీల్లేనిది, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2003లో రాష్ట్ర సవరణ తెచ్చి కోర్టు పర్మిషన్‌తో భార్య రాజీ పడొచ్చు అన్నారు, అడిగిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి, ఈలోపు ఎవరూ వెనక్కి తగ్గకూడదు అని షరతు. అది సీఆర్‌పీసీకి చేసిన సవరణ. బీఎన్ఎస్ఎస్ 359 పట్టికలో 85 బీఎన్ఎస్ లేదు, 85 అంటే అదే పాత 498ఏ. 2024 జూలై 1కి ముందే కోర్టులో విచారణలో ఉన్న 498ఏ కేసుకి పాత సవరణ పనికొస్తుంది, ఎందుకంటే బీఎన్ఎస్ఎస్ 531 ప్రకారం అలాంటివి పాత సీఆర్‌పీసీ కిందే నడుస్తాయి. కొత్త కేసులో 85 పడితే మెజిస్ట్రేట్ దగ్గర ఆ దారి ఉందనుకుని మూడు నెలలు ఆగి కూర్చోవద్దు, హైకోర్టుకే వెళ్లండి. ప్లీ బార్గెయినింగ్ రెండిటికీ లేదు, మహిళ మీద నేరం కదా.

మీరు ఇప్పుడు చెయ్యాల్సింది, రేపే మీ కేసులో చార్జి ఆర్డర్, పంచనామా, మూడు ఊండ్ సర్టిఫికెట్ల సర్టిఫైడ్ కాపీలకి పెట్టండి. మీ అమ్మగారి కేసులో చార్జిషీటూ తియ్యండి. 18 రోజుల గడువుని డైరీలో రాసుకోండి, ఎందుకంటే హైకోర్టు లాయరు కాగితాలు చూసి ఈ క్వాష్ కష్టం అంటే ఆ లోపు 118(1)కి ప్లీ బార్గెయినింగ్ వెయ్యాలా వద్దా అన్న నిర్ణయం కర్ర పట్టినవాడి వరకైనా తీసుకోవాలి, గడువు దాటాక ఆ తలుపు తెరుచుకోదు. వచ్చే వాయిదాకి పెదనాన్న, పెద్దమ్మ, వాళ్లబ్బాయి ముగ్గురినీ తీసుకెళ్లి రాజీ అయ్యే సెక్షన్ల వరకు జాయింట్ మెమో వెయ్యండి, ఆ ఆర్డర్ కాపీ హైకోర్టులో కూడా పనికొస్తుంది. పంచనామాలో కర్ర గురించి ఏం రాశారో చూసి ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి, అది చూస్తేనే 118(1) నిలబడుతుందో లేదో ఇంకాస్త గట్టిగా చెప్పగలను.